కుర్రాళ్లు మారినా నంబరు మన దగ్గరే ఉండాలంటే: చిన్న డెలివరీ వ్యాపారంలో సిమ్‌లు ఎలా నడపాలి

"అన్నా, పది మంది కుర్రాళ్లున్నారు, పది సిమ్‌లు ఎవరి పేరు మీద తీసుకోవాలి?" ఈ ప్రశ్న అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, ప్రొద్దుటూరు నుంచి ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

ముందు మా దగ్గర జరిగింది చెబుతాను, ఎందుకంటే మిగతా పనంతా దాన్నుంచే పుట్టింది. సాయినగర్, కమలానగర్ వైపు తిరిగే మా కుర్రాడికి సిమ్ అతని పేరు మీదే తీయించాం. రీఛార్జ్ మేమే వేసేవాళ్లం. రెండేళ్లు ఆ లైన్‌లో ఇళ్లన్నీ ఆ నంబరే సేవ్ చేసుకున్నాయి. ఉగాది తర్వాత అతను వేరే పనికి వెళ్లిపోతూ "అన్నా, సిమ్ నా పేరు మీదే ఉంది కదా, నేనే ఉంచుకుంటా" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు, చట్టప్రకారం అది అతనిదే. కానీ మూడు నెలలు మా కస్టమర్లు అతనికే ఫోన్ చేశారు. తర్వాత అతను రీఛార్జ్ మానేశాడు, నంబరు ఆగిపోయింది, ఆ తర్వాత ఇంకెవరికో వెళ్లింది. ఒకావిడ తన ఇంటి అడ్రస్, గేటు ఫోటో ఆ కొత్త మనిషికి వాట్సాప్‌లో పంపేసింది. డిస్‌కనెక్ట్ అయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీలు కొత్తవాళ్లకు ఇవ్వొచ్చు, అందులో దాపరికం లేదు. జాగ్రత్త పడాల్సింది మనమే.

కాబట్టి ఈ పద్ధతంతా ఒక్క మాట మీద నిలబడుతుంది: నంబరు మనిషికి ఇవ్వకండి, రూటుకి ఇవ్వండి.

కావాల్సినవి

జీఎస్టీ సర్టిఫికెట్ గానీ వ్యాపారం రిజిస్టర్ అయినట్టు చూపే పత్రం గానీ, షాపు అడ్రస్ ప్రూఫ్, సంతకం పెట్టే అధికారం ఎవరిదో లెటర్‌హెడ్ మీద ఒక లేఖ, ఆ మనిషి గుర్తింపు కార్డు. ఇంకా ఏ సిమ్ ఎవరు వాడతారో పేర్లతో జాబితా. ఒక రూల్డ్ పుస్తకం, లేదా ఎక్సెల్ షీట్. నేను రెండూ పెడతాను, కరెంటు పోయినప్పుడు పుస్తకమే పనికొస్తుంది.

1. ఇప్పుడున్న సిమ్‌లు ఎవరి పేరు మీద ఉన్నాయో తేల్చండి

చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. ఒకటి ఓనర్ పేరు మీద, మూడు వాళ్ల తమ్ముడి పేరు మీద, ఒకటి ఎప్పుడో మానేసిన కుర్రాడి పేరు మీద ఉంటాయి. `sancharsaathi.gov.in` తెరిచి `Know Mobile Connections in Your Name` అన్నదాంట్లో మీ నంబరు, ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఉన్న కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. మీది కానిదానికి `Not My Number`, మీదే అయినా అక్కర్లేనిదానికి `Not Required` పెట్టండి. ఈ రెండూ కలిపేయకండి. మీరే తీసి కుర్రాడికిచ్చిన నంబరుకు "నాది కాదు" అని పెట్టేస్తే పొద్దున్నే డెలివరీ టైంలో అది ఆగిపోయే ప్రమాదం ఉంది.

మన రాష్ట్రంలో ఒక మనిషి పేరు మీద అన్ని కంపెనీలూ కలిపి 9 కనెక్షన్ల వరకే ఉండాలి. అది దాటితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో మొదటిసారికి 50,000 రూపాయల వరకు, మళ్లీ దాటితే 2 లక్షల వరకు జరిమానా రాసి ఉంది. జరిమానా సంగతి అటుంచి, మీ పేరు మీదున్న సిమ్‌తో ఇంకొకరు ఏదైనా మోసం చేస్తే పోలీసులు ముందు తట్టేది మీ తలుపే. "ఇంట్లోవాళ్ల పేర్ల మీద తలా తొమ్మిది తీసుకుంటే సరిపోతుంది కదా" అని అడిగేవాళ్లకు నా సమాధానం: వద్దు. మీ అమ్మగారి పేరు మీదున్న సిమ్ ముక్కూమొహం తెలియని కుర్రాడి జేబులో తిరగడం మంచిది కాదు.

2. రూట్లు లెక్కేసి నంబర్లు ఎన్ని కావాలో రాయండి

మనుషుల్ని లెక్కపెట్టకండి, పనిని లెక్కపెట్టండి. మా లెక్క ఇది: టవర్ క్లాక్ చుట్టుపక్కల మూడు రూట్లు, సాయినగర్ వైపు రెండు, రుద్రంపేట బైపాస్ ఒకటి, కళ్యాణదుర్గం రోడ్డు ఒకటి, బుక్కరాయసముద్రం ఒకటి, రాప్తాడు ఒకటి, గుత్తి రోడ్డు ఒకటి. మొత్తం 10. షాపులో ఆర్డర్లు తీసుకునే బల్ల దగ్గర 2. అత్యవసరానికి స్పేర్ 1. బ్యాంకు, జీఎస్టీ లాగిన్, మనకు పార్శిళ్లిచ్చే కంపెనీల లాగిన్లు, వీటి ఓటీపీలకు మాత్రమే 1. కలిపి 14.

ఆ చివరిదాని గురించి కాస్త గట్టిగా చెబుతాను. ఓటీపీ సిమ్ రోడ్డెక్కకూడదు. షాపులో పాత ఫోన్‌లో పెట్టి డ్రాయర్‌లో ఉంచండి. కస్టమర్లకు ఆ నంబరు తెలియకూడదు, కుర్రాళ్లకూ అక్కర్లేదు. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్‌నే రైడర్‌కి ఇచ్చి, అతను సెలవులో ఉన్నరోజు జీఎస్టీ రిటర్న్ వేయలేక ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు.

3. వ్యాపారం పేరు మీద కనెక్షన్లు తీసుకోండి

ఇదివరకు బల్క్ సిమ్‌లు అంటే కంపెనీ పేరు మీద కట్ట తీసుకుని పంచేసేవాళ్లు. 2023 చివరి నుంచి అది లేదు. దాని స్థానంలో బిజినెస్ కనెక్షన్ అనే పద్ధతి వచ్చింది. ఇందులో వ్యాపారానికి ఒక కేవైసీ, సిమ్ వాడే ప్రతి మనిషికీ విడిగా ఒక కేవైసీ జరగాలి. షాపు అడ్రస్‌కు మనిషి వచ్చి చూసుకుని వెళ్తాడు. ఇవన్నీ అయ్యాకే సిమ్ పని చేస్తుంది. మంచి సంగతి ఏమిటంటే, వ్యక్తులకున్న 9 లెక్క ఇక్కడ అడ్డురాదు, వాడేవాళ్ల కేవైసీ అయినన్ని తీసుకోవచ్చు.

వెళ్లాల్సింది వీధి చివర గొడుగు వేసుకున్న స్టాల్‌కి కాదు, కంపెనీ సొంత స్టోర్‌కి. "కార్పొరేట్ కనెక్షన్లు చూసేవాళ్లు ఎవరు" అని అడగండి, పది సిమ్‌లంటే చాలాసార్లు వాళ్లే షాపుకొస్తారు.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. జీఎస్టీ సర్టిఫికెట్‌లో పాత అడ్రస్ ఉండి షాపు ఇంకో వీధిలో ఉంటుంది, వెరిఫికేషన్ ఆగిపోతుంది, కాబట్టి ముందే అడ్రస్ మార్పించుకోండి. రెండోది, కేవైసీ రోజు సగం మంది కుర్రాళ్లు రూట్‌లో ఉంటారు. ఎవరి కేవైసీకి వాళ్లే ఉండాలి, ఫోటో కూడా అక్కడికక్కడే తీస్తారు. మేం ఆదివారం మధ్యాహ్నం అందర్నీ షాపులో కూర్చోబెట్టి ఒక్కపూటలో ముగించాం. మూడోది, ఇంకా చేర్చుకోని మనిషి సిమ్‌ని ఉన్నవాడి పేరు మీద తీయడం. స్పేర్ సిమ్‌కి కూడా వాడే మనిషి పేరు ఉండాలి, మేం బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి పేరు రాయించాం, ఆమె ఎప్పుడూ షాపులోనే ఉంటుంది కాబట్టి.

వ్యాపారానికి ఏ రిజిస్ట్రేషనూ లేకపోతే? ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితమే, డబ్బులడిగే ఏజెంట్లను నమ్మకండి. దాన్ని కనెక్షన్‌కి ఒప్పుకుంటారా, ఇంకేం కావాలి అన్నది స్టోర్‌లో ముందే అడిగి తెలుసుకోండి. నలుగురైదుగురు కుర్రాళ్లే ఉంటే ఇంకో దారి ఉంది. కుర్రాళ్లు తమ సొంత నంబర్లే వాడతారు, కానీ కవర్ మీద, బిల్లు మీద, వాట్సాప్‌లో కస్టమర్‌కి షాపు నంబరు ఒక్కటే ఇస్తారు. కాల్స్ కొంచెం పెరుగుతాయి, బల్ల దగ్గర మనిషి ఉండాల్సిందే. కానీ కుర్రాడు వెళ్లిపోతే కస్టమర్ వెంట పోడు.

4. పాత నంబర్లు వదులుకోకండి

ఇళ్లల్లో సేవ్ అయిన నంబరు కొత్త సిమ్ కన్నా విలువైనది. కుర్రాడి పేరు మీదున్న నంబరును వ్యాపారం పేరుకి మార్చడానికి అతని సమ్మతి, అతని కేవైసీ కావాలి. అందుకే అతను పనిలో ఉన్నప్పుడే, మంచి మాటల్లో ఉన్నప్పుడే చేయండి. మానేశాక బతిమాలుకోవడం కష్టం.

కంపెనీ కూడా మారాలనుకుంటే ముందు పేరు మార్పు పూర్తి చేసి, ఆ తర్వాతే పోర్ట్ పెట్టండి. పేరు మార్పు నడుస్తుండగా పోర్ట్ అడిగితే తిరస్కరిస్తారు. `PORT` అని రాసి ఖాళీ వదిలి నంబరు వేసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, అది మన దగ్గర నాలుగు రోజులే పనిచేస్తుంది. 14 నంబర్లూ ఒకేరోజు పోర్ట్ చేయకండి. రెండు రూట్లు ముందు పంపి, బుక్కరాయసముద్రం, గుత్తి రోడ్డు లాంటి చోట సిగ్నల్ ఎలా ఉందో వారం చూసి మిగతావి మార్చండి. ఎందుకంటే ఒకసారి మారాక మళ్లీ 90 రోజుల వరకు వెనక్కి రాలేరు.

పాత నంబరు రాదని తేలిపోతే, అది ఆగకముందే ఆ లైన్‌లోని ప్రతి ఇంటికీ కొత్త నంబరు నుంచి మీరే ఫోన్ చేసి చెప్పండి. మెసేజ్ పెట్టి వదిలేస్తే సగం మంది చూడరు.

5. సిమ్ చేతికిచ్చేటప్పుడు

పుస్తకంలో ఒక్కో నంబరుకు ఒక్కో పేజీ పెట్టండి. పేజీ పైన రూటు పేరు, నంబరు, సిమ్ కార్డు మీద అచ్చేసిన పొడుగు నంబరు, రీఛార్జ్ తేదీ. కింద వరసగా, ఎవరికి ఏ రోజు ఇచ్చాం, ఏ రోజు తిరిగొచ్చింది, సంతకం. ఫోన్ కూడా మీదే అయితే `*#06#` నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్లు రాసుకోండి, పోయినరోజు అవి లేకపోతే చేతులు కట్టేసినట్టవుతుంది.

తర్వాత వాట్సాప్. సిమ్ మీ దగ్గరకు తిరిగొచ్చినా వాట్సాప్ ఖాతాలో పిన్ కుర్రాడు పెట్టుకుని ఉంటే మీరు చిక్కుల్లో పడతారు. కాబట్టి వాట్సాప్ బిజినెస్ యాప్ మీరే రిజిస్టర్ చేసి, సెట్టింగ్స్‌లో `Account`, దాని కింద `Two-step verification` తెరిచి పిన్ మీరు పెట్టండి, రికవరీ ఈమెయిల్ షాపుది ఇవ్వండి. ఖాతా పేరు "రూట్ 4, సాయినగర్" అని ఉండాలి, కుర్రాడి పేరు కాదు. బల్ల దగ్గర కంప్యూటర్‌ని ఆ ఖాతాకు లింక్ చేస్తే మెసేజ్‌లు షాపులోనూ కనిపిస్తాయి.

యూపీఐ విషయం ముందే స్పష్టంగా చెప్పండి: రూటు నంబరు మీద ఎవరి బ్యాంకు ఖాతా, ఎవరి వాలెట్ కూడా ఉండకూడదు. డబ్బులు షాపు క్యూఆర్‌కే రావాలి. కుర్రాడు తన ఖాతాను రూటు నంబరుతో కలుపుకుంటే, అతను మానేశాక అతని బ్యాంకు మెసేజ్‌లు మీ కొత్త కుర్రాడికి వస్తాయి. అది ఇద్దరికీ మంచిది కాదు.

ఇంకో హెచ్చరిక డెలివరీ వాళ్లకే ప్రత్యేకంగా వస్తుంది. "పార్శిల్ అడ్రస్ కన్ఫర్మ్ చేయడానికి ఈ కోడ్ నొక్కండి" అంటూ `*21*` తో మొదలయ్యే కోడ్ ఎవరో పంపుతారు. అది నొక్కితే ఆ ఫోన్‌కి వచ్చే కాల్స్ మోసగాడికి మళ్లిపోతాయి, కాల్‌లో చెప్పే ఓటీపీలు కూడా. కుర్రాళ్లకు చెప్పి ఉంచండి. కాల్స్ రావడం హఠాత్తుగా ఆగితే `##002#` నొక్కి ఫార్వర్డింగ్‌లన్నీ తీసేయండి.

6. కుర్రాడు మానేసినా, ఫోన్ పోయినా

మానేసే రోజు లెక్క ఇలా చేయండి: సిమ్ తీసుకుని, అక్కడే షాపు ఫోన్‌లో వేసి, ఇంకో ఫోన్ నుంచి ఆ నంబరుకు రింగ్ ఇవ్వండి. కవర్‌లో పెట్టిచ్చిన సిమ్ ఏదో పాతదని మూడు రోజుల తర్వాత తెలుసుకున్నవాళ్లున్నారు. వాట్సాప్‌ను షాపు ఫోన్‌లో మళ్లీ తెరిచి, `Linked devices`లో తెలియనివి ఉంటే తీసేయండి. ఇవన్నీ సరిపోయాకే సెటిల్‌మెంట్ ఇవ్వండి, కానీ సిమ్ సాకుతో జీతం మాత్రం నెలలకొద్దీ ఆపకండి. కొత్త కుర్రాడికి సిమ్ ఇచ్చే ముందు వాడే మనిషి మారాడని కంపెనీకి చెప్పి కొత్తవాడి కేవైసీ చేయించండి. ఆ రెండు మూడు రోజులు రూటు నంబరు బల్ల దగ్గర ఉంటుంది, కొత్తవాడు స్పేర్ సిమ్ అడుగుతాడు, ఇవ్వకండి, అదీ అతని పేరు మీద లేదు కదా. అతని సొంత నంబరుతో షాపుకి ఫోన్ చేస్తే చాలు.

ఫోన్ పోతే వరస ముఖ్యం. ముందు కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించాలి. తర్వాత పోలీస్ ఫిర్యాదు, ఆ తర్వాత డూప్లికేట్ సిమ్, చివరికి సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్. బ్లాక్ చేయడానికి ఫిర్యాదు కాపీ, ఓటీపీ రెండూ అడుగుతుంది, అందుకే ఆ వరస. డూప్లికేట్ సిమ్ మొదలయ్యాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ పాడైందని టెన్షన్ పడకండి, రక్షణ కోసం పెట్టిన నియమం అది. కాల్స్ వస్తాయి కాబట్టి వాట్సాప్ తెరవడానికి మెసేజ్ బదులు కాల్ ద్వారా కోడ్ తీసుకోండి.

7. ఖర్చు తగ్గించడం

మొదట ప్రతి ఫోన్‌లో ఒక నెల డేటా వాడకం చూసి రాయండి. మేం అందరికీ రోజుకు 2 జీబీ ప్యాక్ వేసేవాళ్లం. చూస్తే రూటు ఫోన్లలో ఏదీ రోజుకు 1 జీబీ దాటడం లేదు, బల్ల దగ్గర ఫోన్లు షాపు వైఫై మీదే నడుస్తున్నాయి, స్పేర్, ఓటీపీ సిమ్‌లకు డేటాయే అక్కర్లేదు.

రెండోది 28 రోజుల ప్యాక్. నెల అనుకుంటాం కానీ ఏడాదికి 13 రీఛార్జ్‌లు పడతాయి. 30 రోజుల ప్యాక్, ప్రతి నెలా అదే తేదీకి వచ్చే ప్యాక్ కనీసం ఒక్కొక్కటి పెట్టాలని 2022లో ట్రాయ్ కంపెనీలకు చెప్పింది. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే ప్యాక్‌లు కూడా ఇప్పుడు ఉన్నాయి, యాప్‌లో కిందికి వెతకాలి.

లెక్క వేసి చూపిస్తాను, ధరలు లెక్క కోసం అనుకున్నవే, మీ ప్యాక్ ధరలు పెట్టుకుని చేయండి. ముందు 14 సిమ్‌లకూ 28 రోజుల 350 ప్యాక్: 14 × 350 × 13 అంటే 63,700. తర్వాత 10 రూట్లకు రోజుకు 1 జీబీ ప్యాక్ 280 చొప్పున 36,400, మిగతా నాలుగింటికి ఏడాది కాల్స్ ప్యాక్ 1,900 చొప్పున 7,600. మొత్తం 44,000. ఈ లెక్కన ఏడాదికి 19,700 మిగులుతుంది, ఎవరి పనికీ అడ్డం రాదు.

బిజినెస్ పోస్ట్‌పెయిడ్ తీసుకుంటే రీఛార్జ్ తేదీల తలనొప్పి పోతుంది, ఒకే బిల్లు వస్తుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు ఉండి మీరు రెగ్యులర్ స్కీమ్‌లో ఉంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కాంపోజిషన్‌లో ఉంటే రాదు, అప్పుడు ప్రీపెయిడ్‌తో పోల్చి చూడండి. పోస్ట్‌పెయిడ్‌లో తప్పక చేయించాల్సినవి రెండు: ఐఎస్‌డీ, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆపించడం, ప్రతి నంబరుకూ క్రెడిట్ లిమిట్ పెట్టించడం. అడగని కాలర్ ట్యూన్ల డబ్బులు బిల్లులో కనిపిస్తే 155223కి ఫోన్ చేసి ఆపించొచ్చు.

నెలకోసారి చూసుకోవాల్సింది

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున ఎనిమిదికి, రూట్లు బయల్దేరకముందు, పుస్తకం తెరిచి 14 నంబర్లకూ బల్ల ఫోన్ నుంచి రింగ్ ఇస్తాం. ఎత్తినవాడి పేరు పేజీలో ఉన్న పేరుతో కలవాలి. స్పేర్, ఓటీపీ సిమ్‌ల నుంచి కూడా ఒక కాల్ బయటికి చేస్తాం, నెలల తరబడి వాడకుండా వదిలేస్తే అవి ఆగిపోతాయి కాబట్టి. తర్వాత రీఛార్జ్ తేదీలు చూసి, ఆ నెలలో అయిపోయేవాటి పక్కన ఎర్ర పెన్నుతో గుర్తు పెడతాం. మొత్తం ఇరవై నిమిషాల పని. పోయిన నెల ఇలా చూస్తుంటేనే రాప్తాడు రూటు నంబరు వేరే కుర్రాడు ఎత్తాడు, ఇద్దరూ మాతో చెప్పకుండా రూట్లు మార్చుకున్నారట. సిమ్‌లు వెనక్కి మార్పించి, ఆ రోజే పుస్తకంలో రాశాం.